‘కా’ ఎక్కడ, ‘కీ’ ఎక్కడ?

బడులు తెరిచే వారానికి టీసీల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గడువు శుక్రవారం సాయంత్రం. నలుగురైదుగురు హెడ్మాస్టర్లతో మాట్లాడి, ఆఫీసు గుమస్తాల కష్టాలు రాద్దామనుకున్నాను. గురువారం రాత్రి ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు హిందీ నోట్సు తెచ్చి నా ముందు పడేసింది. ‘బదిలీ పత్రం కోరుతూ ప్రధానోపాధ్యాయుడికి అర్జీ’ అనే హోంవర్కు. పేజీ నిండా ఎర్ర సున్నాలు.

“మామా, మొదటిసారి గైడులో ఉన్నట్టే రాస్తే, నువ్వు అబ్బాయివా అని కొట్టేశారు. ఆడపిల్లనే కదా అని ఈసారి అన్నిచోట్లా ‘కీ’ పెట్టా. అయినా తప్పేనట!”

గైడులోని వాక్యం ఇది: ‘మైం ఆప్‌కే విద్యాలయ్ కీ ఆఠవీం కక్షా కా ఛాత్ర్ హూం.’ మీ బడిలో ఎనిమిదో తరగతి విద్యార్థిని అని. అమ్మాయి రాస్తే ‘కక్షా కీ ఛాత్రా’ కావాలి. అయితే అదే వాక్యంలో దానికి ముందున్న ‘విద్యాలయ్ కీ’ని చూడండి. రాసేది అబ్బాయి అయినా అది ‘కీ’యే. ఎందుకంటే అది రాసేవాళ్లను బట్టి కాక, తన తర్వాత వచ్చే మాటను బట్టి మారుతుంది. అక్కడ ‘కక్షా’ ఉంది, ఆ మాట స్త్రీలింగం.

మా పిల్ల తడబడిందీ ఇక్కడే. తర్వాతి వాక్యంలో ‘పితాజీ కీ తబాదలా’ అని దిద్దింది. ‘తబాదలా’ పుంలింగం. కూతురు రాసినా కొడుకు రాసినా ‘పితాజీ కా తబాదలా నిజామాబాద్ హో గయా హై’ అనే ఉండాలి.

మరి రాసేది అమ్మాయని ఎక్కడ తెలియాలి? ఈ అర్జీ మొత్తంలో మూడే చోట్ల. ‘కక్షా కీ ఛాత్రా’ దగ్గర, ఇక్కడ చదువు కొనసాగించలేను అనే ‘పఢాయీ జారీ నహీం రఖ్ సకూంగీ’ దగ్గర, చివర సంతకం పైన ‘ఆప్‌కీ ఆజ్ఞాకారీ ఛాత్రా’ దగ్గర. అబ్బాయైతే ‘సకూంగా’ అంటాడు. తెలుగులో ‘కొనసాగించలేను’ అని ఇద్దరూ ఒకేలా అంటారు. ‘నేను’ అన్నప్పుడు మన క్రియ ఆడా మగా చెప్పదు. అందుకే ఆ ‘గీ’ మన పిల్లల చేతికి ఒక పట్టాన రాదు.

అబ్బాయిలకూ ఒక గుంట ఉంది. లైబ్రరీ పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చేశానని చెప్పే వాక్యం: ‘మైంనే సభీ పుస్తకేం లౌటా దీ హైం.’ నేను మగపిల్లవాణ్ణి కదా అని ‘దీ’ని ‘దియా’ చేస్తే తప్పే. ‘నే’ వచ్చిన ఈ వాక్యంలో క్రియ పుస్తకాల వెంట నడుస్తుంది, ‘పుస్తక్’ స్త్రీలింగం. హెడ్మాస్టర్ స్థానంలో మేడమ్ ఉంటే ‘మహోదయ్’ కాస్తా ‘మహోదయా’ అవుతుంది. గైడు చూసి రాసేవాళ్లు దాన్ని మరిచేపోతారు.

చరిత్ర రెండు ముక్కల్లో: 1968 జాతీయ విద్యావిధానంలో త్రిభాషా సూత్రం వచ్చింది. తెలుగు మాధ్యమం బడుల్లో హిందీ చాలాకాలంగా ఆరో తరగతిలో మొదలవుతూ వచ్చింది. అంటే మా పిల్లకు ఈ భాషతో పరిచయం మూడో ఏడు. ఇక ‘తబాదలా’, మన ‘బదిలీ’ ఒకే అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన చుట్టాలు.

నాకు నచ్చనిది ఈ అర్జీ గొంతు. ‘సవినయ్ నివేదన్’తో మొదలై, ‘దేనే కీ కృపా కరేం’ అని దయ కోరి, విధేయురాలినని సంతకం పెట్టించి ముగుస్తుంది. మర్యాదకు అభ్యంతరం లేదు. కానీ ఎనిమిదో తరగతి లోపు పిల్లకు ఇది దయ కాదని పక్కన ఒక్క మాటైనా చెప్పరు.

చట్టంలో ఏముంది?
2009 విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు సర్కారు బడికో, ఎయిడెడ్ బడికో మారాలనుకుంటే, పాత బడి హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యం చేస్తే సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య ఉంటుంది. టీసీ ఇంకా రాలేదన్న సాకుతో కొత్త బడి ప్రవేశం ఆపకూడదు.

శిక్ష కోసం నిజామాబాద్!
‘శిక్షా’ అంటే హిందీలో చదువు. ‘ఆగే కీ శిక్షా’ అని రాసి, దాని కింద ‘తర్వాతి శిక్ష’ అని తెలుగులో అర్థం రాసుకుంది మా పిల్ల. దానికి మాత్రం సున్నా చుట్టలేదు.

ఇంతకీ మన ఊళ్లో అసలు టీసీ కావాలంటే అర్జీ తెలుగులో రాసినా సరిపోతుంది. టీసీ చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి పేరు, తండ్రి పేరు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ పుట్టినతేదీ చూసుకోండి. బడి అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నట్టే ఉండాలి. తేడా ఉంటే అప్పుడే చెప్పి దిద్దించుకోండి.