కార్డులో ఉన్నదెంత, మైకులో చెప్పేదెంత

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ వంటి జపాన్ కంపెనీల కర్మాగారాలున్నాయి. అలాంటి కర్మాగారాల్లో పనిచేసేవాళ్లకు జపాన్‌లోని తోటి ఇంజనీర్లతో రోజూ ఏదో ఒక మాటామంతీ తప్పదు. ఇక్కడొకరు ఉద్యోగం మారుతున్నారంటే అక్కడినుంచి చిన్న కానుక, దానితో చేత్తో రాసిన కార్డు రావడం సహజం. అంతవరకు బాగానే ఉంటుంది. వీడ్కోలు సభ రేపనగా ఎవరో ఆ కార్డును ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, “ఇందులో ఏముందో చూసి రేపు మీరే నాలుగు మాటలు మాట్లాడండి” అంటారు. చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఒక కార్డు తీసుకుని చూద్దాం. క్వాలిటీ విభాగంలో ఆరేళ్లు పనిచేసిన లక్ష్మిగారు వెళ్లిపోతున్నారనుకుందాం. కార్డులో అయిదు వరుసలున్నాయి. అవి నిలువు వరుసలు. జపనీస్‌ను అడ్డంగానే కాక పైనుంచి కిందికి కూడా రాస్తారు, అప్పుడు వరుసలు కుడినుంచి ఎడమకు సాగుతాయి. ఫొటో వంకరగా ఉంటే ఫోన్‌లోని అనువాద యాప్ ఈ వరుసలను అడ్డంగా కలిపేసి, ఒక వాక్యం తలను ఇంకో వాక్యం తోకకు అతికిస్తుంది. అందుకే మొదట చేయాల్సింది ఫొటోను మళ్లీ అడగడం. కార్డును బల్లమీద పరిచి, ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్క వెలుతురులో నిట్టనిలువుగా పైనుంచి తీయమనాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఆ తర్వాత ఒక్కో వరుసను విడిగా కత్తిరించుకుని కుడినుంచి చదివించుకోవాలి.

మొదటి వరుస పేరు. విదేశీ పేర్లను జపనీయులు కతకన అనే లిపిలో రాస్తారు. లక్ష్మి అన్న పేరు చివర వచ్చే ‘మి’ అక్షరం మూడు చిన్న వాలు గీతలు. మూడు అంకెకు వాడే చైనా అక్షరం కూడా మూడు గీతలే. చేతిరాతలో ఈ రెండూ కలిసిపోతాయి. పేరున్న చోట అంకె కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు, అది లక్ష్మిగారే.

రెండో వరుసలో “ఆరేళ్లు మీ ఆదరణ పొందాం” అని ఉంది. అయిదోదానిలో “కొత్త చోట మీరు రాణించాలని ప్రార్థిస్తున్నాం”. రెండూ జపాన్ వీడ్కోలు కార్డుల్లో తరచు కనిపించేవే. అయిదో వరుస సంగతి మరీ చిత్రం. ఉద్యోగం ఇవ్వలేమని కంపెనీలు రాసే ఉత్తరాలు కూడా ఇదే ప్రార్థనతో ముగుస్తాయి, అందుకే అక్కడి కుర్రాళ్లు వాటిని ‘ప్రార్థన మెయిళ్లు’ అని వెక్కిరిస్తారు. ఈ రెండు వరుసలనూ సభలో పట్టిపట్టి చదివితే వినేవాళ్లు ఆవలిస్తారు. శుభాకాంక్షలు పంపారని ఒక్క ముక్క చెబితే సరిపోతుంది.

సరుకంతా మధ్యలో ఉంది. మూడో వరుస: “తెల్లవారుజాము ఫోన్లకు ఎప్పుడూ నవ్వుతూ పలికారు.” నవ్విందెవరు? తెలుగులో పలికాను, పలికారు, పలికారట అని క్రియ చివరే మనిషిని పట్టిస్తుంది. జపనీస్ క్రియకు ఆ తోక ఉండదు, కర్తను కూడా తరచు చెప్పరు. అయితే ఈ వాక్యం చివర ‘కుదసాయిమాషిత’ అని ఉంది. ఎదుటివారు మనకోసం చేసిపెట్టారన్నప్పుడే ఆ మాట వస్తుంది. కాబట్టి నవ్వింది లక్ష్మిగారే, సందేహం లేదు. ఫోన్ల సమయం కూడా లెక్కకు సరిపోతుంది. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు షిఫ్టు మాటలు మొదలైతే ఇక్కడ అయిదు.

నాలుగో వరుస అలా తేలదు. “మొదటిసారి వచ్చిన రిజెక్ట్ పార్టుల సంగతి ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.” ఎవరి పార్టులు? ఎవరి తప్పు? మూల వాక్యంలో ఎక్కడా లేదు, పట్టుకోవడానికి ‘కుదసాయిమాషిత’ వంటి ఆధారమూ లేదు. యాప్ మాత్రం ఖాళీని ఖాళీగా వదలదు. దానికి తోచిన కర్తను చేర్చి “మీరు పంపిన రిజెక్ట్ పార్టులు” అని ధీమాగా చెప్పేయొచ్చు. దాన్ని నమ్మి ప్లాంట్ హెడ్ ముందు మైకులో చదివితే, వెళ్లిపోయేరోజున లక్ష్మిగారి నెత్తిన లేని నింద పెట్టినట్టవుతుంది. అనువాదం తప్పని అక్కడ ఎవరికీ తెలియదు కూడా, వాక్యం అంత సాఫీగా ఉంటుంది. పేరులో అంకె వస్తే తప్పని కనిపిస్తుంది, ఇలాంటి తప్పు కనిపించదు.

ఇలాంటి చోట రెండే దారులు. ఆ వరుసను వదిలేయడం, లేదా రాసినవాళ్లనే అడగడం. అడిగేటప్పుడు “దీని అర్థమేమిటి” అంటే మళ్లీ మర్యాద వాక్యాలే వస్తాయి. “ఆ పార్టులు ఎవరివైపునుంచి తప్పాయి? సభలో ఈ సంగతి చెప్పవచ్చా?” అని సూటిగా రెండు ప్రశ్నలు వేయాలి. మన ఉదాహరణలో జవాబు ఇలా వచ్చిందనుకుందాం: పాత డ్రాయింగ్ పంపింది మేమే, లక్ష్మిగారు కనిపెట్టారు, చెప్పండి, పరవాలేదు. అనుమతి దొరికింది కాబట్టి ప్రసంగానికి వెన్నెముక కూడా దొరికింది.

రెండు నిమిషాల మాటలకు కాగితం మీద సగం పేజీ చాలు. కార్డులో ఉన్నది లక్ష్మిగారికి, సభలో వినేది అందరూ. కాబట్టి కార్డును చదివి వినిపించకూడదు, అందులోంచి ఒకటి రెండు సంగతులు తీసుకుని మన గొంతుతో చెప్పాలి. ఇలా:

“అందరికీ నమస్కారం. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, నేను ఎక్కువసేపు మాట్లాడను. లక్ష్మిగారికి జపాన్ నుంచి ఒక కార్డు వచ్చింది. వాళ్లు అందులో గుర్తుచేసుకున్నది ఆవిడ రిపోర్టుల్ని కాదు, పొద్దున అయిదింటికి ఫోనెత్తిన గొంతుని. ఆ టైములో నేను ఫోనెత్తితే ఎదుటివాళ్లే సారీ చెప్పి పెట్టేస్తారు. ఈవిడ ఆరేళ్లూ నవ్వుతూ పలికారట. ఇంకో సంగతి. మొదటి బ్యాచ్ రిజెక్ట్ అయినప్పుడు మనవాళ్లందరం మన మెషీన్లనే అనుమానించాం. రెండు డ్రాయింగులు పక్కపక్కన పెట్టి, వచ్చిందే పాతదని చూపించింది ఈవిడ. చూపించాక కూడా ఎవరినీ ఒక్కమాట అనలేదు. అందుకే వాళ్లు ఇవాళ దాన్ని తలచుకుని నవ్వుకోగలుగుతున్నారు. లక్ష్మిగారూ, కొత్త ఆఫీసులో మీకు అయిదింటి ఫోన్లు ఉండవని విన్నాం. మాకు మాత్రం ఉంటాయి. ఎప్పుడైనా డ్రాయింగ్ అర్థం కాకపోతే మీకే చేస్తాం, ఎత్తండి. జపాన్ వాళ్లు, మేము, అందరం మీకు మంచి జరగాలని కోరుకుంటున్నాం.”

ఇందులో జపనీస్ మాట ఒక్కటీ లేదు. చివర్లో ‘సయొనారా’ అనాలని చాలామందికి సరదా పుడుతుంది. వద్దనే నా సలహా. ఆఫీసుల్లో రోజువారీ సెలవు తీసుకునేటప్పుడు జపనీయులు ఆ మాట వాడరు, ఇక కలవమన్న ధ్వని వస్తుంది. వాళ్ల పద్ధతిలో పలకాలని పట్టుబడితే, పని ముగించి వెళ్లేవారిని ఉద్దేశించి అనే ‘ఒత్సుకారేసామా దేషిత’ నయం.

ఇంకొక్కటి లక్ష్మిగారికి చెప్పాలి. బదిలీలకీ, రాజీనామాలకీ ఇచ్చే ఈ కానుకను జపాన్‌లో ‘సెంబెత్సు’ అంటారు. మామూలు కానుకలకు అక్కడ తిరుగు కానుక ఇవ్వడం ఆచారమే గానీ, దీనికి అక్కర్లేదు. కొత్త చోట కుదురుకున్నాక నాలుగు వరుసల ఉత్తరం రాస్తే చాలు. కార్డు రాసినవాళ్లు పేరు అడుగున రాస్తారు కాబట్టి ఫొటోలో ఆ ఎడమ అంచు కోసుకుపోకుండా ఉందో లేదో ముందే చూసుకోండి, ఉత్తరం ఎవరికి రాయాలో తెలియాలిగా.