చివరి లైన్లో దాగిన 640 రెట్లు

తోటి ఉద్యోగి “ఒకసారి చూసిపెట్టండి” అని ప్రెజెంటేషన్ పంపితే, మనలో చాలామంది అచ్చుతప్పులు దిద్ది తిప్పి పంపేస్తాం. అసలు చూడాల్సినవి నాలుగు: సందేశం, వరుస, ఆధారం, స్పష్టత. 2003లో నాసా ముందుకొచ్చిన ఒక స్లైడు మీద వీటిని ప్రయోగించి చూద్దాం.

ఆ ఏడాది జనవరి 16న కొలంబియా వ్యోమనౌక ఎగిరిన 82 సెకన్లకు, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నష్టం ఎంతో బోయింగ్ ఇంజనీర్లు లెక్కవేసి స్లైడ్లుగా ఇచ్చారు. ఒకదాని శీర్షిక సారం ఇది: టైల్‌లోకి ముక్క ఎంత లోతు దిగుతుందో మన లెక్క కాస్త ఎక్కువే చేసి చూపిస్తోందని పరీక్షల డేటా చెబుతోంది.

నేను ముందు శీర్షికలు మాత్రమే చదివి, నాకు అర్థమైన సందేశాన్ని ఒక్క వాక్యంలో రాసుకుంటాను. ఇక్కడైతే “ఫర్వాలేదు” అని రాసుకునేవాణ్ణి. తర్వాత కిందికి చదువుకుంటూ పోతే, అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: ఇప్పుడు జరిగింది పరీక్షల పరిధికి చాలా బయట ఉంది. పరీక్షలో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇప్పుడు ఊడింది 1920.

భాగిస్తే 640 రెట్లు. ఆ భాగహారం స్లైడులో లేదు. ఆధారాన్ని పరిశీలించడమంటే అంకె తప్పా ఒప్పా అని చూడటంతో సరిపోదు. ఆ అంకె పైనున్న శీర్షికను మోయగలదా అన్నది తేల్చాలి. ఇక్కడ మోయలేదు సరికదా, దాన్ని కూలదోస్తుంది. వరుస కూడా అందుకే తప్పింది. తలకెక్కాల్సిన వాక్యం అడుగున పడింది.

స్పష్టత సంగతికొస్తే, “గణనీయం” అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట ఆ ఒక్క స్లైడులో అయిదుసార్లు వచ్చింది. అలాంటి ప్రతి మాట పక్కనా “ఎంత?” అని రాయాలి.

తోటివాడికి ఇచ్చే వ్యాఖ్య “శీర్షిక బాలేదు” అని ఉంటే అతనికి ఏమీ ఒరగదు. నేనైతే ఇలా రాస్తాను: “మీ చివరి లైను, మీ శీర్షిక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ‘తగిలిన ముక్క పరీక్షలో వాడినదానికి 640 రెట్లు, ఈ డేటాతో నష్టం తేల్చలేం’ అని పైన పెడితే మీకు సమ్మతమేనా?” ప్రశ్నగా అడగాలి, ఎందుకంటే ఆ లెక్క తెలిసింది అతనికే.

రెక్కకు చిల్లు పడిందో లేదో ఈ నాలుగు ప్రశ్నలు చెప్పలేవు. తేల్చలేమని పైన రాసి ఉంటే, తర్వాత అడగాల్సింది రెక్క ఫొటోలు. కొందరు ఇంజనీర్లు అడిగారు కూడా, అవి రాలేదు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ కొలంబియా ముక్కలైంది. అందులో కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురున్నారు. దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఆ స్లైడును అచ్చువేసింది.