నిరుటి నుంచా, సున్నా నుంచా?

యాభై పడకల ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. దుప్పట్లు, గౌన్లు ఉతికే కాంట్రాక్టరుకు పడకకు నెలకు వెయ్యి చొప్పున నిరుడు 6 లక్షలు ఇచ్చారు. బడ్జెట్ వేసే వేళ అకౌంటెంటు దానికి 8 శాతం కలిపి 6,48,000 అని రాసేస్తాడు. ఇదే ఇంక్రిమెంటల్ బడ్జెటింగ్. నిరుటి అంకె సరైనదేనా అని ఎవరూ అడగరు.

జీరో బేస్డ్ బడ్జెటింగ్‌లో నిరుటి అంకెను పక్కన పెట్టి పని నుంచి మొదలుపెడతారు. సగటున రోగులుండేది 32 పడకల్లోనే. ఒక్కొక్కరికి రోజుకు నాలుగు బట్టలు, ఆపరేషన్ థియేటర్‌వి మరో 60, అంతా కలిపి 188. బట్టకు 7 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 4.8 లక్షలే. అంటే ఇన్నాళ్లూ ఖాళీ పడకలకూ ఉతుకుడు కూలి కట్టారన్నమాట.

లెక్క అక్కడితో అయిపోదు. ప్రతి విభాగమూ తన పనిని కనీస స్థాయిలో, ఇప్పటి స్థాయిలో, పెంచిన స్థాయిలో చేస్తే ఎంతవుతుందో, ఏం దక్కుతుందో వేర్వేరుగా రాసివ్వాలి. యాజమాన్యం వాటికి ప్రాధాన్య క్రమం ఇచ్చి, డబ్బు అయిపోయిన చోట గీత గీస్తుంది. చిక్కు ఇక్కడే. కోత పడదని తెలిసిన అత్యవసర సేవను కావాలనే జాబితా అడుగున పెట్టే విభాగాలుంటాయి. గీత కింద అంబులెన్సో ఆక్సిజనో కనబడితే ఆ జాబితాను అనుమానించాలి. అలాంటివాటిని అసలు పోటీలో పెట్టకూడదు.

కాగితాల బరువు ఇంకో చిక్కు. జార్జియా గవర్నరుగా ఈ పద్ధతిని వాడిన జిమ్మీ కార్టర్, అధ్యక్షుడయ్యాక 1977లో అమెరికా ప్రభుత్వ శాఖలన్నిటికీ పెట్టారు. 1981లో రీగన్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

బడి సంగతి వేరు. అక్కడ ఖర్చులో సింహభాగం జీతాలది. పది సెక్షన్లు ఉంటే పాఠాలు చెప్పే టీచర్లు ఎందరు కావాలో ముందే తెలుసు, ఇంక్రిమెంట్లూ తెలుసు. దాన్ని ఏటా సున్నా నుంచి లెక్కేస్తే చివరికి తేలేది దాదాపు అదే అంకె. అందుకని జీతాలకు నిరుటి లెక్కే నయం. అయితే 50 సీట్ల బస్సు 19 మంది పిల్లలతో తిరుగుతుంటే ఆ రూటును మాత్రం సున్నా నుంచి చూడాలి. ఆ పిల్లలకు వ్యాను చాలునా, పక్క రూటులో కలిపితే ఎవరికెంత ఆలస్యం అని లెక్క తీయాలి.

ఆసుపత్రిలోనూ నర్సుల జీతాలు నిరుటి లెక్కతోనే సాగనివ్వవచ్చు. లాండ్రీ, క్యాంటీన్, సెక్యూరిటీ, యంత్రాల మెయింటెనెన్స్ కాంట్రాక్టులను ఏడాదికి ఒకటి రెండు చొప్పున సున్నాకు తెస్తే, మూడు నాలుగేళ్లలో అన్నీ ఒక చుట్టు పూర్తవుతాయి. ఏది ముందో తేల్చుకోలేకపోతే, ఏళ్ల తరబడి శాతం కలపడమే తప్ప ఎవరూ ప్రశ్నించని పద్దుతో మొదలుపెట్టండి.