ఆ రెండు లక్షల నలభై వేలు ఎటు పోయాయి?

అపార్ట్‌మెంట్ సంఘం సర్వసభ్య సమావేశం. కోశాధికారి లెక్క చదివారు: బడ్జెట్ 24 లక్షలు, ఖర్చు 26.40 లక్షలు. "ఆ రెండు లక్షల నలభై వేలు ఎటు పోయాయండీ?" అని వెనక కుర్చీల్లోంచి ఎవరో అడిగారు. ఇది ఊహించిన లెక్కే గానీ ప్రశ్న మాత్రం అందరికీ తెలిసిందే.

పద్దులు ఇలా ఉన్నాయనుకుందాం. సెక్యూరిటీ 9 లక్షల నుంచి 9.60కి పెరిగింది. నీళ్ల ట్యాంకర్లకు 3 లక్షలు చాలనుకుంటే 6 అయ్యాయి. కామన్ కరెంటు 4.80 నుంచి 4.50కి తగ్గింది. లిఫ్టు, జనరేటర్ 3.60 దగ్గరే ఉన్నాయి. రంగులేసే పని వాయిదా పడి, మరమ్మతుల 3.60 కాస్తా 2.70కి దిగింది.

చాలామంది ముందుగా మొత్తంలో ఏ పద్దు ఎంత శాతమో లెక్కగడతారు. అక్కడే తికమక మొదలవుతుంది. సెక్యూరిటీ వాటా 37.5 నుంచి 36.4 శాతానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి దానికి అరవై వేలు ఎక్కువే కట్టారు. మొత్తం పెరిగింది కాబట్టి వాటా తగ్గింది, అంతే. పోనీ తేడానే శాతాలుగా పంచుదామంటే ట్యాంకర్లు ఏకంగా 125 శాతం అవుతాయి, ఎందుకంటే కరెంటు, మరమ్మతులు మైనస్‌లో ఉన్నాయి. డబ్బు దేనికి పోతోందన్న ప్రశ్నకు శాతం సరిపోతుంది గానీ, ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు కాదు.

దానికి వాటర్‌ఫాల్ చార్టు కావాలి. ఎడమ చివర 24 లక్షల నిలువు పట్టీ ఉంటుంది. అక్కడి నుంచి ట్యాంకర్లు 3 లక్షలు పైకి, సెక్యూరిటీ 60 వేలు ఇంకా పైకి, మరమ్మతులు 90 వేలు, కరెంటు 30 వేలు కిందికి. చివరి పట్టీ 26.40. ఆదా చేసింది లేకపోతే దెబ్బ 3.60 లక్షలు ఉండేదని చూడగానే తెలుస్తుంది. ఎక్సెల్‌లో ఈ చార్టు వేసినప్పుడు చివరి పట్టీని `Set as total` చేయాలి. లేదంటే అది ఉన్నదాని మీదే ఎక్కి, 52.80 దాకా పోతుంది. ఖర్చుల లెక్కలో పెరుగుదలకు ఎరుపు వేయడం మేలు. పచ్చగా ఉంటే లాభమనుకుంటారు.

ఈ చార్టు చెప్పనిది ఒకటుంది: ఎప్పుడు? ట్యాంకర్లకు ఏప్రిల్ నుంచి నెలనెలా ఖర్చు కూడుకుంటూ పోతే, జూన్ ఆఖరుకే 3.50 లక్షలు దాటిందని తేలింది. నెలకు 25 వేల లెక్కన అప్పటికి బడ్జెట్ 75 వేలే. అంటే 3 లక్షల తేడాలో 2.75 లక్షలు మూడు నెలల్లోనే వచ్చాయి. మిగతా తొమ్మిది నెలల్లో పెరిగింది పాతిక వేలే. అయితే ఎండాకాలానికీ వానాకాలానికీ ఒకే పాతిక వేలు పెట్టడమే ఇక్కడ లోపం. బడ్జెట్‌ను కాలాన్ని బట్టి విడగొట్టి ఉంటే, జూన్‌లో కనిపించిన అంతరంలో కొంత అసలు ఉండేదే కాదు.