రిటైరైన ఇంజినీరు కన్సల్టెన్సీ ఒప్పందం

నీటిపారుదల శాఖలో రిటైరైన ఇంజినీరు ఒకరు, ఒక నిర్మాణ కంపెనీకి నెలకు 60,000 రూపాయల ఫీజుపై సలహాదారుగా చేరుతున్నారనుకుందాం. ఒప్పందంలో ముందుగా తేల్చాల్సింది పని పరిధి. ‘సాంకేతిక సలహాలు ఇవ్వాలి’ అని వదిలేస్తే సైట్ పర్యవేక్షణ కూడా ఆయన మీదే పడవచ్చు. పైప్‌లైన్ డిజైన్ల పరిశీలన, నెలకు రెండు సైట్ సందర్శనలు అని స్పష్టంగా రాయాలి. అదనపు సందర్శనకు ఎంత, ప్రయాణ ఖర్చు ఎవరిది, బిల్లు ఇచ్చిన ఎన్ని రోజులకు చెల్లించాలి అన్నవీ అందులోనే ఉండాలి.

ఆయన ఉద్యోగి కాదు, స్వతంత్ర కన్సల్టెంట్ అని రాసుకున్నంత మాత్రాన సరిపోదు. రోజూ హాజరు, సెలవుకు అనుమతి, పైఅధికారి ఆజ్ఞలు ఉంటే దాన్ని ఉద్యోగంగానే లెక్కించే ప్రమాదం ఉంది. పని ఎప్పుడు, ఎలా చేయాలో ఆయనే నిర్ణయించుకోవాలి.

వృత్తి ఫీజు కాబట్టి కంపెనీ 10 శాతం, అంటే నెలకు 6,000 రూపాయలు టీడీఎస్‌గా మినహాయిస్తుంది. ఏడాది ఫీజు 7.20 లక్షలు. ఊహాత్మక పన్ను విధానం ఎంచుకుంటే అందులో కనీసం సగం, 3.60 లక్షలు, ఆదాయంగా చూపి పెన్షన్‌కు కలపాలి. చాలామంది మరిచేది ముందస్తు పన్ను. పెన్షన్, వడ్డీ మాత్రమే ఉన్న వృద్ధులకు అది మినహాయింపు. వృత్తి ఆదాయం రాగానే ఆ మినహాయింపు పోతుంది. టీడీఎస్ పోను ఇంకా 10,000 రూపాయలు, ఆపైన పన్ను మిగిలితే, ఈ విధానంలో మార్చి 15లోగా కట్టాలి. లేదంటే వడ్డీ పడుతుంది.