పిల్లలకు బిళ్ళ మింగడం ఇలా నేర్పండి

మూర్ఛకు వాల్‌ప్రొయేట్ సిరప్ వాడుతున్న ఎనిమిదేళ్ల పాప ఒకరు ఉందనుకుందాం. బరువు పెరిగేకొద్దీ మోతాదు పెరుగుతుంది, సిరప్ పట్టించడం కష్టమవుతుంది. ఇక టాబ్లెట్‌కి మారుద్దామంటారు డాక్టరుగారు. ఇంట్లో అందరికీ ముందు తోచేది, దాన్ని నూరి తేనెలో కలిపి నాకించడం. ఈ మందు విషయంలో ఆ పని చేయకూడదు. ఈ టాబ్లెట్లలో చాలావాటిని కడుపు దాటి పేగుల్లోకి వెళ్లాకే కరిగేలా, లేదా మందు గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలయ్యేలా తయారుచేస్తారు. నూరితే ఆ ఏర్పాటు చెడిపోతుంది. కాబట్టి పాపకు బిళ్ళ మింగడం రావాలి.

పిల్లలు మింగలేకపోవడాన్ని చాలామంది మొండితనం అనుకుంటారు. నిజానికి పళ్లు వచ్చినప్పటి నుంచీ మనమే వాళ్లకు ‘నమిలి మింగు’ అని నేర్పాం. గట్టి వస్తువు నోట్లో తగలగానే నాలుక దాన్ని పళ్లవైపు నెడుతుంది. ఆ అలవాటు పక్కకు తప్పుకోవాలంటే, నాలుకకు ఉందో లేదో తెలియనంత చిన్నదానితో మొదలుపెట్టాలి. కేకుల మీద చల్లే ఆవగింజంత రంగు పంచదార పూసలు ఇందుకు చక్కగా సరిపోతాయి.

మందు వేసుకునే వేళ కాకుండా, పాప హుషారుగా ఉన్నప్పుడు కూర్చోబెట్టండి. వీపు నిటారుగా ఉండాలి. ముందు ఒక గుక్క నీళ్లు తాగించి నోరు తడపండి. పూసను నాలుక మధ్యలో పెట్టి, “ఇప్పుడు నీళ్లు తాగు తల్లీ” అనండి, అంతే. పూసను మింగమని చెప్పొద్దు. ధ్యాస నీళ్ల మీద ఉంటే పూస వాటితోపాటే జారిపోతుంది. వరుసగా రెండు మూడుసార్లు సులువుగా దిగితే పంచదార పూత పూసిన సోంపు గింజకు వెళ్లండి. తర్వాత టిక్‌టాక్, ఆ తర్వాత జెమ్స్ బిళ్ళ. ఎక్కడైనా తడబడితే దాని ముందు సైజుకు తిరిగి రండి. అది దిగాక ఆ రోజుకి ఆపేయండి. ఒక పూటకు పది నిమిషాలు చాలు. కొందరు పిల్లలకు ఒక్క సాయంత్రంలో వస్తుంది, కొందరికి రెండు వారాలు పడుతుంది.

ఇక తల సంగతి. “తల పైకెత్తి గుటుక్కున మింగెయ్” అని మన ఇళ్లలో తరతరాలుగా చెబుతున్నాం. తల బాగా వెనక్కి వాలిస్తే మెడ ముందు కండరాలు బిగుసుకుని మింగడం కష్టమవుతుంది, నీళ్లు శ్వాసనాళంలోకి పోయి పొలమారే ప్రమాదమూ పెరుగుతుంది. చూపు ఎదురుగా ఉండేలా తల నిటారుగా ఉంచి మొదలుపెట్టడం మేలు. క్యాప్సూల్‌కైతే గడ్డం ఛాతీవైపు కొంచెం దించాలి. క్యాప్సూల్ తేలిక, నోట్లోని నీళ్ల మీద తేలుతుంది. తల ఎత్తితే ముందు పళ్లవైపుకే తేలివస్తుంది, దించితే గొంతువైపు వెళ్తుంది. జర్మనీ పరిశోధకులు పెద్దవాళ్ల మీద ఈ పద్ధతిని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. క్యాప్సూల్ మింగినవాళ్లలో చాలామందికి ఇలా సులువైంది. పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కో భంగిమ కుదురుతుంది. తలను కొద్దిగా కుడికో ఎడమకో తిప్పితే హాయిగా మింగేవాళ్లూ ఉన్నారు. అందుకే చిన్న పూసలతోనే అన్నీ ప్రయత్నించి, ఏది నచ్చిందో పాపనే అడగండి.

ఎక్కడ తేడా వస్తోందో చూస్తే తెలుస్తుంది. నీళ్లు దిగి పూస నోట్లోనే మిగిలితే గుక్క చిన్నదై ఉంటుంది, లేదా పూస నాలుక చివర ఉండి ఉంటుంది. వాంతి వచ్చినట్టు ఓకరిస్తే మరీ లోపలికి పెట్టారన్నమాట. పొలమారితే తల వెనక్కి వాలిందేమో చూడండి. స్ట్రాతో తాగిస్తే తల దానంతటదే సరైన చోట నిలుస్తుంది, గుక్క కూడా బాగా పడుతుంది.

జెమ్స్ బిళ్ళ దిగిందంటే చాలా టాబ్లెట్లు దిగుతాయి. అసలు మందును మాత్రం ఎప్పుడూ మిఠాయి అనొద్దు. ఎవరూ చూడనప్పుడు డబ్బా తీసి తినేసే ప్రమాదం ఉంది. పెరుగులో పెట్టి ఇవ్వాలనుకుంటే ముందు డాక్టరుని అడగండి, కొన్ని యాంటీబయాటిక్స్‌కి పాలు, పెరుగు పడవు.

నాలుగేళ్లలోపు పిల్లలకు ఈ సాధన వద్దు, గట్టి మిఠాయి గొంతుకు అడ్డుపడొచ్చు. పెద్ద పిల్లలైనా నవ్వుతూ, పరిగెడుతూ, పడుకుని ఉండగా చేయించకూడదు. మామూలు నీళ్లు తాగినా తరచూ పొలమారే పిల్లలు, అన్నం మింగడానికే కష్టపడే పిల్లలు ఉంటే, పూసల జోలికి పోకుండా ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. మింగడంలో ఇబ్బందులను పరీక్షించే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వాళ్లే పంపుతారు.