ఆగితేనే ఆట

హోంవర్కుకి కూర్చోబెడితే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడు రెండు నిమిషాలకే లేస్తాడు. పెన్సిల్ చెక్కుకోవాలంటాడు, దాహమంటాడు, కిటికీలోంచి ఎవరో పిలిచారంటాడు. అలాగని వాడికి ధ్యాస బొత్తిగా లేదనుకోవడం పొరపాటు. నచ్చిన కార్టూన్ ముందు గంటసేపు కదలకుండా ఉండగలడు. వాడికి కష్టమల్లా చేస్తున్న పని ఆపడం, నోటిదాకా వచ్చిన మాట ఆపుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం. అమెరికా మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ 1997లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ సమస్యకు మూలం ఆ నిగ్రహలోపమేనంటుంది.

కాబట్టి ఈ పిల్లలకు ‘ఆగడమే’ అసలు మజాగా ఉండే ఆటలు కావాలి. అవి పుస్తకం తీయడానికి ముందు ఆడితే ఇంకా మంచిది. 2013లో అమెరికా పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న కొద్దిమంది పిల్లల్ని ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలు నడిపించి పరీక్ష పెట్టారు. అంతసేపూ కూర్చుని చదువుకున్న రోజు కంటే, నడిచిన రోజున వాళ్లు చదివింది అర్థం చేసుకోవడంలోనూ లెక్కల్లోనూ మెరుగ్గా రాణించారు.

రెండో తరగతి పిల్లాడు, చిన్న అపార్ట్‌మెంటు, అమ్మకి దొరికేది పావుగంట. ఆ పావుగంటలో మూడు ఆటలు పడతాయి.

మొదటిది తొక్కుడుబిళ్ళ గళ్లతో. హాల్లో సుద్దముక్కతో ఆరు గళ్లు గీసి, ఒక చివర పళ్లెంలో పది చింతపిక్కలు, రెండో చివర ఖాళీ గ్లాసు పెట్టాలి. పిల్లాడు ఒంటికాలితో గెంతుతూ ఒక్కో పిక్కా తెచ్చి గ్లాసులో వెయ్యాలి. ‘ఇంకెంతసేపు?’ అని అడగాల్సిన పని లేదు, పళ్లెం ఖాళీ అవుతుంటే వాడికే కనబడుతుంది. కాలం ఎంత గడిచిందో లోపల లెక్క అందని పిల్లలకి ఇలా పని కళ్లముందు తరగడం పెద్ద ఆసరా.

రెండోది అందరికీ తెలిసిన స్టాచ్యూ. పాట వస్తుంటే గెంతాలి, ఆగగానే బొమ్మలా నిలబడాలి. మొదట్లో పాట ఎక్కువసేపు, నిలబడేది రెండు సెకన్లు చాలు. అది బాగా వచ్చాక ఐదుకి పెంచాలి. మొదటి రోజే పది సెకన్లు నిలబడమంటే ఓడిపోయి, మర్నాడు ఆటకే రాడు.

మూడోది తిరకాసు ఆట. అమ్మ ‘తల’ అంటే కాలి వేళ్లు ముట్టుకోవాలి, ‘కాలి వేళ్లు’ అంటే తల. చిన్నపిల్లల నిగ్రహం కొలవడానికి పరిశోధకులు వాడే ఒక పరీక్ష ఇలాగే ఉంటుంది. అందులో సరిగా చేస్తే 2 మార్కులు. చెయ్యి తప్పుగా బయల్దేరి, మధ్యలో ఆగి, సరైన చోటికి మళ్లితే 1 మార్కు. తల్లిదండ్రులు కనిపెట్టాల్సింది ఆ ఒక్క మార్కునే. తల వైపు లేచిన చెయ్యి గాల్లో ఆగిందంటే నిగ్రహం పనిచేసిందన్నమాట. ‘చూశావా, నీ అంతట నువ్వే ఆపుకున్నావు’ అని అప్పటికప్పుడే మెచ్చుకోవాలి. ఆదివారం ఇస్తామన్న బహుమతి ఈ పిల్లలకి చాలా దూరం. ఈ క్షణం దొరికే మెప్పు, గ్లాసులో పడే ఇంకో పిక్క ఎక్కువ పనిచేస్తాయి. పడిన పిక్క మాత్రం ఏ తప్పుకీ వెనక్కి తియ్యకూడదు.

ఇవే ఆటలు చెడిపోయే దారులూ ఉన్నాయి. ‘నువ్వు అవుట్, పక్కన కూర్చో’ అనే పద్ధతి వీళ్లకి అస్సలు పడదు. ఆగడం ఎక్కువ సాధన చెయ్యాల్సిన పిల్లాడే ముందుగా అవుటై, ఊరికే కూర్చుంటాడు. తప్పినవాడు మూడు గుంజీలు తీసి మళ్లీ ఆటలోకి వచ్చేయాలి. నియమాలన్నీ ఒక్కసారి గుక్కతిప్పుకోకుండా చెప్పినా లాభం లేదు. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యి వేసి ఒకటి చెప్పి, దాన్ని వాడి నోట చెప్పించాక రెండోది. కావాలని తప్పులు చేస్తూ కేకలు మొదలుపెట్టాడంటే ఆట వాడికి మరీ తేలికో, మరీ కష్టమో అయిందని అర్థం. తిట్టకుండా తర్వాతి ఆటకి వెళ్లిపోవాలి. చివర్లో రెండు నిమిషాలు గోడని రెండు చేతులతో గట్టిగా నెట్టించినా, చపాతీ పిండి పిసికించినా కొందరు పిల్లలు హుషారు తగ్గి కుదుటపడవచ్చు.

ఆటలతో ఏడీహెచ్‌డీ నయం కాదు. స్టాచ్యూలో ఐదు సెకన్లు నిలబడినవాడు క్లాసులో ఐదు నిమిషాలు కూర్చుంటాడన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇంట్లోనూ బళ్లోనూ ఈ ఇబ్బంది ఆరు నెలలకు మించి ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి. చూపు, వినికిడి, నిద్ర సంగతులు కూడా పరీక్షించాకే నిర్ధారణకి వస్తారు. ఆరేళ్లలోపు పిల్లలకైతే సాధారణంగా మందుల కంటే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలంటారు. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల సమస్యలకు పరీక్షలు ఉచితం.